అక్కకి ఆక్సిజన్ పెట్టాక స్పృహ తప్పింది, నాన్నకి అదే ఆక్సిజన్ రోజూ ఇంట్లో నడుస్తోంది. తేడా ఎక్కడ?

గాజువాక_శ్రీను
మా ఇంట్లో ఆయాసపడేవాళ్ళు ఇద్దరు. నాన్నకి 71. పోర్టులో కళాసీగా చేశారు, నలభై ఏళ్ళు చుట్ట కాల్చారు. ఛాతీ ముందుకీ వెనక్కీ ఉబ్బి డ్రమ్ములా ఉంటుంది. డాక్టరు రాసిచ్చాక రెండేళ్ళుగా ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ ఉంది. ముక్కు గొట్టంతో 2 లీటర్లు, రోజుకి పదహారు గంటలు. దానివల్ల ఆయనకి ఏ ఇబ్బందీ రాలేదు.

అక్కకి 44. నాలుగేళ్ళ వయసు నుంచీ వెన్ను వంకర, కుడివైపు గూని. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఆరు నెలలుగా పొద్దున్న లేవగానే తలనొప్పి, మధ్యాహ్నం మిషన్ మీదే కునుకు. పని ఎక్కువైందేమో అనుకున్నాం. పోయిన నెల జలుబు చేసి ఆయాసం పెరిగితే దగ్గర్లో ఉన్న ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వేలికి పెట్టే మెషీన్‌లో 84. మాస్కు తగిలించి 8 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. గంటలో 98 కి వచ్చింది. హాయిగా నిద్రపోతోంది కదా అని మేమూ కునుకు తీశాం. తెల్లవారుజామున నాలుగింటికి లేపితే లేవలేదు. ఐసీయూకి మార్చి, మణికట్టు దగ్గర రక్తం తీసి, కార్బన్ డయాక్సైడ్ 84 ఉందన్నారు. మాస్కులోంచి గాలిని లోపలికి తోసే బైప్యాప్ మెషీన్ పెట్టాక మర్నాటికి కళ్ళు తెరిచింది.

ఇప్పుడు ఇంటికొచ్చింది. రాత్రి బైప్యాప్ పెట్టుకోమన్నారు, ఆక్సిజన్ వద్దన్నారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయట. శుభ్రంగా ఉంటే గాలి ఎందుకు చాలదు? ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ ఉండగా బైప్యాప్‌కి అంత డబ్బు ఎందుకని బంధువులు అంటున్నారు. ఏం చెప్పాలో తెలియడం లేదు.

రవి_ఉడాకాలనీ
శ్రీను, 84 ఉంటే ఆక్సిజన్ ఇవ్వక ఏం చేస్తారు? 2021లో మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గురిని కాన్సంట్రేటర్ పెట్టి నిలబెట్టుకున్నాం. మన స్టీల్‌ప్లాంట్ నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర దాకా వెళ్ళిన రోజులవి. తక్కువైనది తక్కువే, ఇస్తే నిండుతుంది. మీ అక్కకి వేరే ఏదో అయి ఉంటుంది.

జిమ్_సాయి
బ్యారెల్ చెస్ట్ అంటే మంచిదే కదా అన్నా? మేం దాని కోసమే రోజూ బెంచ్ ప్రెస్ చేస్తున్నాం.

జాలరిపేట_నూకరాజు
సాయి తమ్ముడూ, అది కండ వల్ల వచ్చే ఛాతీ కాదు. మా అమ్మ అడ్డపొగ కాల్చేది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. మా పేటలో ముసలమ్మలు చాలామంది అంతే. చివరి అయిదేళ్ళు ఆమె ఛాతీ పీపాలా గుండ్రంగా అయిపోయింది. పక్కనించి చూస్తే మందం, ముందునించి చూస్తే వెడల్పు రెండూ ఒకటే. ఊపిరి తీసినప్పుడు కింది పక్కటెముకలు బయటికి రావాలి కదా, ఆమెకి లోపలికి పోయేవి. పెదాలు సున్నాలా చుట్టి ఊదుకుంటూ కూర్చునేది.

జిమ్_సాయి
అయ్యో, తెలీక అడిగాను. సారీ అన్నా.

సత్య_శ్వాస
నేను ఐసీయూలో రెస్పిరేటరీ థెరపిస్టుని, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. శ్రీను గారూ, మీ ఇంట్లో ఉన్నవి రెండు వేరు వేరు జబ్బులు. పైకి రెండూ ఛాతీ ఆకారం మారడమే, రెండూ ఆయాసమే. లోపల మాత్రం ఒకదానికొకటి తలకిందులు.

మీ నాన్నగారికి ముందు చెడింది ఊపిరితిత్తి. సన్న గాలిగొట్టాలు ఊపిరి వదిలేటప్పుడు మూసుకుపోయి, తీసుకున్న గాలి పూర్తిగా బయటికి రాదు. పాత గాలి లోపలే మిగిలిపోయి ఛాతీని ఏళ్ళ తరబడి ఉబ్బదీసింది. అంటే ఆ డ్రమ్ము ఆకారం జబ్బు వల్ల వచ్చింది, అది జబ్బుకి కారణం కాదు. అయితే ఒకసారి ఆ ఆకారం వచ్చాక అదీ ఇబ్బంది పెడుతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రమ్ కండరం పళ్ళెంలా చదునైపోతుంది. చదునైన కండరం బిగిస్తే కిందికి దిగదు, పక్కటెముకల్ని లోపలికి లాగుతుంది. నూకరాజు గారు వాళ్ళమ్మగారి దగ్గర చూసింది సరిగ్గా అదే.

మీ అక్కగారిది దీనికి రివర్స్. ఊపిరితిత్తి మంచిదే. చుట్టూ ఉన్న గూడు చెడింది. వెన్ను పక్కకి వంగుతూ మెలి తిరిగితే ఒకవైపు పక్కటెముకలు విడిపోతాయి, రెండోవైపు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ గూడు బిగుసుకుపోతుంది. కొలిమి తిత్తి బాగానే ఉన్నా దాని చెక్కల కీళ్ళు తుప్పుపట్టి తెరుచుకోకపోతే గాలి ఎక్కడ ఆడుతుంది? ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్న మాట నిజమే. మీరడిగిన దానికి జవాబు కూడా అందులోనే ఉంది.

రవి_ఉడాకాలనీ
సరే మేడమ్, గూడే బిగుసుకుంది అనుకుందాం. అప్పుడు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ అవసరం కదా?

సత్య_శ్వాస
రవి గారూ, మీ మాట సగం సరైనదే. కోవిడ్‌లో గాలి బాగానే ఆడేది, ఊపిరితిత్తి నిండా వాపు ఉండి ఆక్సిజన్ రక్తంలోకి దాటేది కాదు. అక్కడ ఆక్సిజనే మందు. ఇక్కడ ఆడాల్సిన గాలే ఆడటం లేదు. ఆక్సిజన్ లోపలికి రావడం ఎంత ముఖ్యమో, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం అంతే ముఖ్యం. రెండోది గాలి ఎంత ఆడిందన్న దాని మీదే ఆధారపడుతుంది. వేలి మెషీన్‌కి ఆక్సిజన్ ఒక్కటే కనిపిస్తుంది. మాస్కు పెట్టి 98 తెప్పించాక ఆ మెషీన్ గుడ్డిదైపోయింది. లోపల రెండో గ్యాస్ గంట గంటకీ పెరుగుతుంటే బయట అందరికీ హాయి నిద్రలా కనిపించింది.

ఏళ్ళ తరబడి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి ఒక్కసారిగా అంత ఆక్సిజన్ ఇస్తే అది ఇంకా పెరుగుతుంది. ఊపిరి తీసుకోమనే తొందర తగ్గడం ఒక కారణం. రక్తం ఆ గ్యాస్‌ని మోసే తీరు మారడం ఇంకొకటి. అలాంటివాళ్ళకి ఆక్సిజన్ అసలు ఇవ్వకూడదని కాదు. 88 నుంచి 92 మధ్య ఉండేలా కొద్దికొద్దిగా ఇవ్వాలి. మీ నాన్నగారికి 2 లీటర్ల ముక్కు గొట్టం పడింది కదా, ఆయనకి కూడా మాస్కుతో 8 లీటర్లు పెడితే ఇదే జరగొచ్చు. దయచేసి ఆయన మెషీన్ నాబ్ ఎవరూ సొంతంగా పెంచకండి.

భీమిలి_మాస్టారు
నేను ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. సత్య గారు చెప్పింది లెక్కలో పెడితే మీ బంధువులకి తొందరగా ఎక్కుతుంది శ్రీనూ. ముక్కు నుంచి గాలిగొట్టాల చివరిదాకా ఉన్న గాలి రక్తాన్ని తాకదు, వచ్చిన దారినే పోతుంది. చిన్న మనిషికి అది సుమారు 100 మి.లీ. అనుకుందాం. ఒకరు ఊపిరికి 400 చొప్పున నిమిషానికి 15 సార్లు తీశారు, మొత్తం 6 లీటర్లు. దారిలో పోయింది లీటరున్నర. పనికొచ్చింది నాలుగున్నర. మీ అక్క బిగుసుకున్న ఛాతీతో ఊపిరికి 200 కంటే లాగలేదు, అందుకని 30 సార్లు తీస్తుంది. మొత్తం అదే 6 లీటర్లు. కానీ దారిలోనే 3 పోయింది, పనికొచ్చింది 3. కష్టం రెట్టింపు, ఫలితం మూడింట రెండు వంతులు. సత్య గారూ, లెక్క తప్పితే చెప్పండి.

సత్య_శ్వాస
తప్పేమీ లేదు మాస్టారూ. ఇంత తేలిగ్గా నేను కూడా ఎప్పుడూ చెప్పలేదు. బిగుసుకున్న ఛాతీని ఎక్కువ సాగదీయడం కంటే చిన్న ఊపిరి ఎక్కువసార్లు తీయడమే ఒంటికి సులువు, అందుకే అలా అలవాటు పడతారు.

గాజువాక_శ్రీను
మాస్టారూ, మీ లెక్క కాగితం మీద రాసి మా బావకి చూపించాను. మొదటిసారి ఎదురు మాట్లాడలేదు.

డిశ్చార్జి కాగితాలు ఇప్పుడు తీశాను. ఇంటికి పంపే రోజు ఆక్సిజన్ లేకుండా తీసిన ఏబీజీలో, అదే ఆ మణికట్టు రక్తపరీక్షలో, పీహెచ్ 7.35, కార్బన్ డయాక్సైడ్ 62, బైకార్బొనేట్ 33. ఊదుడు పరీక్షలో ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి ఊదిన మొత్తం గాలి, 0.95 లీటర్లు, ఉండాల్సిన దాంట్లో 55 శాతం అని ఉంది. వెన్ను వంకర 110 డిగ్రీలట. సగం పైన ఉంది కదా, 55 అంటే అంత చెడ్డదేం కాదేమో?

కంచరపాలెం_పూర్ణ
శ్రీను గారూ, ఆ 55 నమ్మొద్దు. నాకూ అలాగే రాశారు. నాకు మూడేళ్ళప్పుడు పోలియో వచ్చింది, దాంతో వెన్ను వంగింది. ఆరేళ్ళుగా బైప్యాప్ మీద పడుకుంటున్నాను. ఊదుడు పరీక్షలో ముందు మన ఎత్తు అడుగుతారు. ఎత్తుని బట్టే మనకి ఎంత గాలి ఉండాలో మెషీన్ లెక్కేస్తుంది. వంగిపోయిన మనిషికి ఎత్తు కొలిస్తే ఏం లాభం? చేతులు బారచాపించి గోడకి ఆనించి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా టేపుతో కొలవమనండి. ఆ కొలత ఎత్తుగా ఇవ్వాలి.

గాజువాక_శ్రీను
అక్క కుట్టే టేపుతోనే ఇప్పుడు కొలిచాను. ఎత్తు 136, బార 150.

సత్య_శ్వాస
పూర్ణ గారు ముఖ్యమైన మాట చెప్పారు. నేను ముందే అడగాల్సింది. 136 అని పెడితే ఆమె వయసుకి లీటరూ ముప్పావు దాకా ఉండాలని వస్తుంది, అందులో 0.95 అంటే 55 శాతం. 150 అని పెడితే ఉండాల్సింది రెండుంపావు దాటుతుంది, శాతం 42 కి పడిపోతుంది. ఊదిన గాలి అదే, పోల్చే కొలతే మారింది. 110 డిగ్రీల వంకరకి, నాలుగేళ్ళకే మొదలైనదానికి 42 అన్నదే నమ్మదగ్గ సంగతి. వంకర 100 డిగ్రీలు దాటినవాళ్ళలో ఇలా శ్వాస చాలకపోయే భయం ఎక్కువ.

బైకార్బొనేట్ 33 చూశారా? కార్బన్ డయాక్సైడ్ వల్ల రక్తం పుల్లబడకుండా కిడ్నీలు బైకార్బొనేట్‌ని పోగుచేశాయి. అందుకే 62 ఉన్నా పీహెచ్ దాదాపు మామూలుగా ఉంది. అంత పోగవడం ఒక్క రాత్రిలో జరగదు. ఒక పని చేయండి, ఆమె పాత రక్తపరీక్షల్లో ఎలక్ట్రోలైట్స్ కాగితం ఉంటే వెతకండి. సోడియం, పొటాషియం పక్కన బైకార్బొనేట్ అని ఉంటుంది.

గాజువాక_శ్రీను
ఎనిమిది నెలల కిందటిది దొరికింది. నీరసంగా ఉందంటే చేయించాం. బైకార్బొనేట్ 31. దాని పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. అప్పుడు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. బలానికి మాత్రలు రాసి పంపారు.

సత్య_శ్వాస
27 దాటిందంటే చాలు, వెన్ను వంకర ఉన్న మనిషికి ఏబీజీ చేయించాలి అనుకుంటాం. ఆ నక్షత్రం, పొద్దుటి తలనొప్పి, పగటి కునుకు మూడూ ఒకే సంగతి చెబుతున్నాయి. ముందు దెబ్బతినేది రాత్రే. మనం కలలు కనే నిద్రలో ఉన్నప్పుడు మెడ కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు సడలిపోయి, డయాఫ్రమ్ ఒక్కటే పనిచేస్తుంది. మామూలు మనిషికి అది చాలు. ఆమెకి చాలదు. ఆ గ్యాస్ రాత్రంతా పేరుకుని మెదడు రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, తలనొప్పి అందుకే.

గాజువాక_శ్రీను
ఇప్పుడు గుర్తొస్తోంది. నిద్రపోతున్నప్పుడు మెడ పక్కన తాళ్ళలా నరాలు లేచి పడేవి. ఒక్కోసారి ఆ తాళ్ళు కదలడం ఆగిపోయేది, ఛాతీ కూడా నిశ్చలంగా ఉండేది. ఆ తర్వాత ఉలిక్కిపడి లేచి కూర్చునేది. పీడకల అనుకునేవాళ్ళం. నిద్ర పట్టడానికి మందుల షాపులో ఆల్ప్రజోలం కూడా తెచ్చిచ్చాను. అది నా చేత్తోనే ఇచ్చాను.

సత్య_శ్వాస
ఆ మాత్రలు ఆపేయాల్సినవే. అయితే రోజూ వేసుకుంటోందా, ఎప్పుడో ఒకటా అని ముందు మీ డాక్టరుకి చెప్పండి. చాలా కాలం రోజూ వాడినవాళ్ళు ఒక్కసారిగా మానకూడదు. నిద్రమాత్రలు, కొన్ని దగ్గు సిరప్పులు ఇలాంటివాళ్ళకి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. మీకు తెలిసి చేసింది కాదు శ్రీను గారూ.

మాధవి_ఎంవీపీ
ఈ చర్చ చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. మా పాపకి ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట వెన్ను వంకర కనిపెట్టారు, ఇప్పుడు 48 డిగ్రీలు. ఒక సర్జన్ వెంటనే రాడ్లు వేసి ఎముకలు కలిపేద్దామన్నారు. ఇంకొకరు పెరిగేకొద్దీ పొడవు పెంచే రాడ్లు వేద్దాం, కలపడం తర్వాత చూద్దామన్నారు. పాప పరుగెత్తుతుంది, ఆయాసం లేదు. ఎవరి మాట వినాలి?

రవి_ఉడాకాలనీ
చిన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే ఇవన్నీ ఉండవు కదా మాధవి గారూ. శ్రీను వాళ్ళక్కకి కూడా ఇప్పుడు చేయిస్తే ఊపిరి తిరిగి వస్తుంది.

కంచరపాలెం_పూర్ణ
రవి గారూ, నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు చేశారు. వెన్ను కొంచెం నిటారైంది, ఇంకా వంగడం ఆగింది. ఊపిరి మాత్రం పెరగలేదు. అప్పటికే గూడు గట్టిపడిపోయింది.

సత్య_శ్వాస
పెద్దవాళ్ళ విషయంలో పూర్ణ గారి అనుభవమే ఎక్కువమందిది. పిల్లల లెక్క వేరు మాధవి గారూ. ఊపిరితిత్తుల్లోని గాలి బుడగలు పుట్టాక మొదటి కొన్నేళ్ళలోనే ఎక్కువగా పుట్టుకొస్తాయి, వాటికి చోటు కావాలి. ఆ వయసులో ఛాతీ దగ్గర వెన్నెముకని కలిపేస్తే వంకర ఆగుతుంది, ఛాతీ ఎదుగుదల కూడా ఆగుతుంది. అందుకే పెరిగే రాడ్లు వచ్చాయి. వాటికీ కష్టం ఉంది, పొడవు పెంచడానికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు, ఇన్ఫెక్షన్ భయం. నేను సర్జన్ని కాదు, ఎక్స్‌రే చూడకుండా ఇది చేయించండి అనలేను. ఇద్దరు సర్జన్లనీ ఒకే ప్రశ్న అడగండి: ఈ పద్ధతిలో పాపకి పదిహేనేళ్ళు వచ్చేసరికి ఛాతీ ఎంత పొడవు ఉంటుంది? వంకర ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో ఇద్దరూ చెబుతారు. దీనికి కూడా జవాబు చెప్పేవాళ్ళ మాట వినండి.

మాధవి_ఎంవీపీ
ఇది ఎవరూ అడగమనలేదు. సోమవారం వెళ్తున్నాం, అడుగుతాను.

భీమిలి_మాస్టారు
సత్య గారూ, బైప్యాప్ ఈ లెక్కలో ఎక్కడ పనిచేస్తుంది? అది కూడా గాలే కదా ఇచ్చేది.

సత్య_శ్వాస
మామూలు గాలే మాస్టారూ. ఆమె ఊపిరి మొదలుపెట్టగానే మెషీన్ వెనకనించి తోస్తుంది, 200 లాగేచోట 350 వెళ్తుంది. మీ లెక్కలో రెండో మనిషి మొదటి మనిషికి దగ్గరవుతాడు. ఆమె తీయడం మరిచిపోతే మెషీనే ఒక ఊపిరి ఇస్తుంది. బిగుసుకున్న ఛాతీకి ఎక్కువ ఒత్తిడి కావాలి. అలవాటు కోసం 12 దగ్గర మొదలుపెట్టి అక్కడే వదిలేస్తారు కొంతమంది, తర్వాత పనిచేయలేదంటారు. చాలామందికి 20 చుట్టుపక్కలకి వెళ్ళాల్సి వస్తుంది. శ్రీను గారూ, మీ మెషీన్ సెట్టింగ్ ఏంటి?

గాజువాక_శ్రీను
పైది 14, కిందిది 5 అని ఉంది. పెట్టుకున్నా పొద్దున్న కొంచెం తలనొప్పి ఉంటోంది. ముక్కు మీద మాస్కు ఒరుసుకుని ఎర్రటి గాటు పడింది, అందుకని అర్ధరాత్రి తీసేస్తోంది.

కంచరపాలెం_పూర్ణ
ఆ గాటు బెల్టు మరీ బిగించడం వల్లే. గాలి లీకవుతుందని భయపడి అందరం బిగిస్తాం. మెషీన్ ఆన్ చేసి, పడుకున్నాక, మాస్కు కొంచెం పైకెత్తి గాలితో ఉబ్బనిచ్చి మళ్ళీ దించాలి. బెల్టు కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. మొదటి వారం పగలు టీవీ చూస్తూ గంట పెట్టుకోమనండి. నేను పెసరట్లు వేస్తూ కూడా పెట్టుకున్నాను, మా ఆయన పైలట్ గారూ అని పిలిచేవారు.

సత్య_శ్వాస
14 చాలకపోవచ్చు. మీ అంతట మీరు పెంచకండి. పల్మనాలజిస్ట్ దగ్గరికి మెషీన్ కార్డుతో సహా వెళ్ళండి. అందులో లీకెంత, ఊపిరికెంత గాలి వెళ్ళింది, ఎన్ని గంటలు పెట్టుకుంది అన్నీ ఉంటాయి. ఒక రాత్రి కార్బన్ డయాక్సైడ్ కూడా కొలుస్తూ సెట్ చేస్తే ఇంకా మంచిది.

గాజువాక_శ్రీను
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఒత్తిడి మెల్లగా పెంచుతూ 20 కి తెచ్చారు, మాస్కు సైజు మార్చారు. ఇప్పుడు రాత్రికి ఏడు గంటలు పెట్టుకుంటోంది. నిన్నటి ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ 51. తలనొప్పి పోయింది. నిన్న మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి మూడు జాకెట్లకి హుక్కులు కుట్టేసి కూర్చుంది. ఆక్సిజన్ లేకుండానే వేలి మెషీన్‌లో 91 ఉంది.

రవి_ఉడాకాలనీ
చాలా సంతోషం శ్రీను. నేను మొదట అన్నది తప్పు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ చర్చ పెట్టాను.

నూకరాజు_జాలరిపేట
ఇది నా కొత్త ఐడీ, పాతది తెరుచుకోవట్లేదు. మా అమ్మకి కూడా చివర్లో అలాగే మగతగా ఉండేది. ఆమెకీ బైప్యాప్ పెడితే బతికేదా సత్యమ్మా?

సత్య_శ్వాస
ఆమె కాగితాలు చూడకుండా చెప్పలేను నూకరాజు గారూ. అలాంటి ఊపిరితిత్తులకి కూడా కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత వచ్చినప్పుడు బైప్యాప్ వాడతాం, చాలామంది కోలుకుంటారు. కొంతమంది కోలుకోరు.

గాజువాక_శ్రీను
ఇంకొక్కటి. హుద్‌హుద్ అప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఈ సీజన్‌లో మళ్ళీ తుఫాను వస్తే బైప్యాప్ ఇన్వర్టర్ మీద ఎంతసేపు ఆడుతుంది? ఎవరైనా వాడి చూశారా?

కంచరపాలెం_పూర్ణ
నీళ్ళు వేడిచేసే హ్యుమిడిఫయర్ ఆపేయండి, ఎక్కువ కరెంటు తినేది అదే. అది ఆపాక నాకు మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఒక రాత్రి పూర్తిగా ఆడింది. రెండో రాత్రి దాకా నేను చూడలేదు. బ్యాటరీ కొనేముందు మెషీన్ అడుగున ఎన్ని వాట్లని రాసి ఉందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, మాస్టారు లెక్క కట్టి చెబుతారు.

భీమిలి_మాస్టారు
పెట్టు శ్రీనూ. ఇన్వర్టర్ బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లదో, కొని ఎన్నేళ్ళయిందో కూడా రాయి.